పదిహేను వేలిస్తామంటున్నారు, ‘ప్రకటన’ అని మాత్రం చెప్పొద్దంటున్నారు

ప్రశ్న: మాది హనుమకొండ. నాలుగేళ్లుగా యూట్యూబ్‌లో వంటల ఛానెల్ నడుపుతున్నాను. సబ్‌స్క్రైబర్లు 38 వేలు. ఒక్కో వీడియోకి నెల తిరిగేసరికి 11 వేల వ్యూస్ దాకా వస్తాయి. చిరుధాన్యాల వంటలకు కాస్త పేరొచ్చింది. ఈమధ్య హైదరాబాద్‌లోని ఒక ఫుడ్ కంపెనీ మెయిల్ పెట్టింది. నా ఎనిమిది నిమిషాల వీడియోలో ఒక నిమిషం వాళ్ల మిల్లెట్ దోశ మిక్స్ గురించి చెప్పాలి, దాంట్లోంచే 45 సెకన్ల షార్ట్ కూడా ఇవ్వాలి. అన్నీ కలిపి 15 వేలు. క్యాంపెయిన్ ముగిశాక 60 రోజులకు డబ్బు వేస్తారట. ఆ వీడియోని ఎక్కడైనా, ఎప్పటికైనా వాడుకుంటారట. ఆరు నెలలు నేను వేరే ఏ ఫుడ్ బ్రాండ్‌కీ చేయకూడదట. ‘షుగర్ ఉన్నవాళ్లకు చాలా మంచిది’ అని తప్పకుండా అనాలట. పెయిడ్ ప్రమోషన్ అని పడితే జనం స్కిప్ చేస్తారు కాబట్టి ఆ టిక్ పెట్టొద్దు, కావాలంటే డిస్క్రిప్షన్ చివర #ad అని పెట్టుకోండి అన్నారు. ఇంతకుముందు రెండు మూడు కంపెనీలు రేటు అడిగి వదిలేశాయి, అందుకని మావారు ‘ఒప్పేసుకో’ అంటున్నారు. మా తమ్ముడేమో 50 వేలకు తగ్గొద్దంటున్నాడు. మార్కెటింగ్ చూసే ఆయన తెలుగువారే, తెలుగులోనే జవాబు రాయమన్నారు. ఏమని రాయను?

— ఒక పాఠకురాలు

జవాబు: ముందు రేటు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో గొడవంతా దాని మీదే ఉంది గానీ అసలు చిక్కు అక్కడ లేదు. 15 వేలను 11 వేల వ్యూస్‌తో భాగిస్తే ఒక్కో వ్యూకి రూపాయి 36 పైసలు పడుతుంది. ఒక నిమిషం ప్రస్తావనకు, ఒక షార్ట్‌కు ఇది చిన్నబుచ్చే రేటేమీ కాదు. మీ తమ్ముడు చెప్పిన 50 వేలు అడిగితే వ్యూకి నాలుగున్నర రూపాయలవుతుంది. అవతలివాళ్లు కూడా ఇదే లెక్క వేసుకుంటారు. అంత ఎందుకివ్వాలో మీరు చెప్పలేకపోతే మాట అక్కడితో ఆగిపోతుంది. ఒక జాగ్రత్త: 11 వేలు అన్నది మీ చివరి పది వీడియోలను, ఒక్కోటి అప్‌లోడైన 30 రోజులకు ఎన్ని వ్యూస్ తెచ్చుకుందో చూసి, వరసలో పేర్చి, మధ్యలో వచ్చే అంకె అయ్యుండాలి. ఒక వీడియో లక్ష కొట్టి సగటును పైకి లాగి ఉంటే ఆ అంకెను నమ్ముకోకండి. రేపు వాళ్లు స్టూడియో స్క్రీన్‌షాట్ అడిగితే మీరే ఇబ్బంది పడతారు.

అయితే ఆ 15 వేలకు వాళ్లు అడుగుతున్నది వీడియో ఒక్కటే కాదు. శాశ్వతంగా వాడుకునే హక్కునూ, ఆరు నెలలు మీ చేతులు కట్టేసుకోవడాన్నీ అదే ధరలో కలిపేశారు. మీ జవాబులో చేయాల్సిన పని రేటు పెంచమని అడగడం కాదు, ఈ మూటను విప్పి ఒక్కోదాని పక్కన ఒక్కో ధర రాయడం.

‘ఆరు నెలలు ఏ ఫుడ్ బ్రాండ్‌కీ చేయకూడదు’ అన్న షరతునే తీసుకోండి. మీది వంటల ఛానెల్. నూనెలు, మసాలాలు, పిండ్లు, నెయ్యి, ఊరగాయలు అన్నీ ఫుడ్ బ్రాండ్లే. ఆ ఆరు నెలల్లో ఒక్క కంపెనీ ఇదే రేటుకు వచ్చి, మీరు కాదనాల్సి వచ్చినా, మీకు ముట్టిన 15 వేలూ అటు పోయినట్టే. అందుకని షరతును పూర్తిగా తిప్పికొట్టకుండా కుదించండి: ‘రెడీమేడ్ దోశ, ఇడ్లీ మిక్స్‌లు అమ్మే ఇతర కంపెనీలకు, వీడియో వచ్చిన రోజు నుంచి 30 రోజులు చేయను’ అంటే సరిపోతుంది. వాళ్ల భయం కూడా అదే: ఈ వారం వాళ్ల మిక్స్, వచ్చే వారం పోటీవాళ్ల మిక్స్ మీ చేతిలో కనబడకూడదు. ఆ భయానికి 30 రోజులు చాలు. మూడు నెలలు కావాలంటే అదనంగా ఇంతని చెప్పండి.

వాడుకునే హక్కు ఇంకాస్త లోతైన విషయం. మన కాపీరైట్ చట్టం, 1957లో 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తమ కోసం సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్ తీయించుకుంటే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు దాని మొదటి హక్కుదారు తీయించుకున్నవారే అవుతారు. వీడియో కూడా ఆ మాట కిందికే వస్తుంది. అంటే ఈ విషయం మీరు రాయకుండా వదిలేస్తే మీకు అనుకూలంగా ఉంటుందనుకోవడానికి లేదు. ‘వీడియో, షార్ట్‌ల కాపీరైట్ నాదే’ అన్న ఒక్క వాక్యం మీ మెయిల్‌లో ఉండాలి, దానికి వాళ్లు ‘సరే’ అని జవాబిచ్చి ఉండాలి. ఆ తర్వాత వాళ్లకు ఏ వాడకానికి అనుమతిస్తున్నారో చెప్పండి. వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలో మీ ఛానెల్ పేరుతో షార్ట్‌ను మళ్లీ పెట్టుకోవడం ఒక ఎత్తు, అదే ముక్కను డబ్బు కట్టి నెలల తరబడి ప్రకటనగా తిప్పడం మరో ఎత్తు. మొదటిది ఉచితంగా ఇవ్వండి, మీకూ నలుగురు కొత్తవాళ్లొస్తారు. రెండోదానికి నెలకింతని విడిగా పెట్టండి. గడువు రాయకపోతే రెండేళ్ల తర్వాత కూడా మీ ముఖం వాళ్ల ప్రకటనలో తిరుగుతుంటుంది. అప్పటికి ఆ మిక్స్‌లో వాళ్లు ఏం కలుపుతున్నారో మీకు తెలియదు.

ఇక ‘టిక్ పెట్టొద్దు’ అన్నదాని దగ్గరికి వద్దాం. ఇక్కడ బేరం లేదు. అందుకే మెయిల్‌లో దీన్ని ధరల పేరాలో కలపకండి. కలిపితే, ‘లేబుల్ తీసేస్తే ఇంకో అయిదు వేలిస్తాం’ అనే జవాబుకు మీరే దారి వేసినట్టవుతుంది.

డబ్బు తీసుకుని చెప్పే మాటను ప్రకటన అని చూసేవాళ్లకు తెలిసేలా చేయాలని మన దగ్గర రెండు చోట్ల రాసి ఉంది. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు 2021 జూన్ 14 నుంచి అమల్లో ఉన్నాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో తన మార్గదర్శకాలిచ్చింది. కౌన్సిల్ అనేది ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ. రెండోదాని వెనక మాత్రం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆ చట్టం కింద కంపెనీకే కాదు, దాన్ని ప్రచారం చేసినవారికీ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ జరిగితే 50 లక్షల దాకా. కొంతకాలం ప్రకటనలు చేయకుండా నిషేధించే అధికారమూ ఉంది. మీలాంటి చిన్న ఛానెల్ మీదకు రేపే నోటీసు వస్తుందని కాదు. కానీ నోటీసంటూ వస్తే, ‘కంపెనీవాళ్లే వద్దన్నారు’ అన్నది మిమ్మల్ని కాపాడే జవాబు కాదు.

చేయాల్సింది తెలిస్తే అదేమంత కష్టం కాదు. యూట్యూబ్ స్టూడియోలో వీడియో వివరాల పేజీలో ‘Show more’ నొక్కితే ‘Paid promotion’ అనే గడి కనిపిస్తుంది. అది టిక్ చేస్తే వీడియో మొదట్లో పది సెకన్ల పాటు ‘Includes paid promotion’ అని పడుతుంది. చాలామంది దీంతో పని అయిపోయిందనుకుంటారు. మీ వీడియోలో దోశ మిక్స్ మూడో నిమిషంలో వస్తుందనుకోండి, అప్పటికి ఆ లేబుల్ ఎప్పుడో మాయమై ఉంటుంది. ముందుకు జరిపి చూసేవాళ్లకు అసలు కనబడదు కూడా. కౌన్సిల్ నిబంధన ప్రకారం రెండు నిమిషాలు, అంతకు మించిన వీడియోలో బ్రాండ్ గురించి చెప్పే భాగమంతా లేబుల్ తెర మీద ఉండాలి. పదిహేను సెకన్లు దాటి రెండు నిమిషాల లోపు ఉండేవాటిలో నిడివిలో మూడో వంతు ఉండాలి. అంటే మీ 45 సెకన్ల షార్ట్‌లో కనీసం 15 సెకన్లు. అంత లెక్కలెందుకు, షార్ట్ మొత్తం ఉంచేయండి, ఎడిటింగ్‌లో అదే సులువు. డిస్క్రిప్షన్ అట్టడుగున, ‘more’ నొక్కితే గానీ కనబడని చోట #ad పెడితే లెక్కలోకి రాదు.

వినియోగదారుల శాఖ ఇంకో మాట అంటుంది: వీడియోల్లో ఈ సంగతి రాతలోనూ ఉండాలి, నోటితోనూ చెప్పాలి, అదీ మీరు మాట్లాడే భాషలోనే. మీ వీడియో తెలుగు కాబట్టి ‘ప్రకటన’ అని తెలుగులోనే రాయండి. మా అమ్మమ్మ వయసు వాళ్లు కూడా మీ వంటలు చూస్తుంటారు, వాళ్లకు ‘#ad’ అంటే ఏం తెలుస్తుంది? పొయ్యి మీద పెనం కనబడుతున్నప్పుడు తెల్ల అక్షరాలు ఆవిరిలో కలిసిపోతాయి కాబట్టి ముదురు రంగు పట్టీ మీద రాయండి. చోటు తెర పైభాగంలో ఎంచుకోండి. షార్ట్స్‌లో కిందివైపు మీ ఛానెల్ పేరు, శీర్షిక, కుడిపక్క లైకుల బటన్లు కప్పేస్తాయి. నోటిమాట ప్యాకెట్ కనబడకముందే రావాలి: ‘ఇప్పుడు చెప్పబోయేది ప్రకటన, దీనికి కంపెనీ నాకు డబ్బిస్తోంది’ అంటే చాలు, అయిదు సెకన్లు కూడా పట్టదు. ‘ఈ వీడియోకి సహకరించిన ఫలానా వారికి ధన్యవాదాలు’ అనే మాటతో సరిపెట్టకండి. సహకారమంటే పిండి పంపారా, డబ్బు పంపారా అన్నది దాంట్లో తెలియదు.

జనం స్కిప్ చేస్తారన్న వాళ్ల ఆందోళనను మాత్రం కొట్టిపారేయకండి. దానికి మీ దగ్గర వేరే మందుంది. బ్రాండ్ ముక్కను వంట మధ్యలో అతికించకుండా, ఆ మిక్స్‌తోనే ఆ వీడియోలో ఒక పని జరిగేలా చూడండి. పెసరట్టు వీడియోలో పెసలు నానబెట్టే సమయం లేనివాళ్లకు ఇదీ మార్గమని అక్కడికక్కడే ఒక అట్టు వేసి చూపిస్తే, ప్రకటన అని తెలిసినా చూస్తారు. మీరు వాళ్లకివ్వగలిగింది అదే, లేబుల్ దాచడం కాదు.

‘షుగర్ ఉన్నవాళ్లకు చాలా మంచిది’ అన్నది లేబుల్ కన్నా పెద్ద ప్రమాదం. ఒక ఆహార పదార్థం ఫలానా జబ్బును తగ్గిస్తుంది, రాకుండా చేస్తుంది అని, లేదా ఆ అర్థం వచ్చేలా ప్రచారం చేయడాన్ని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నాటి ప్రకటనల నిబంధనలు ఒప్పవు. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు ఆహార భద్రత చట్టం కింద కూడా 10 లక్షల దాకా జరిమానా ఉంది, అది ప్రకటనలో భాగస్వాములైన ఎవరికైనా వర్తిస్తుంది. పైగా మీ మాట విని ఎవరైనా మాత్ర మానేసి దోశలు తింటే? ఇది చట్టానికి అందని సంగతి, కానీ వంటల ఛానెళ్ల కింద ‘అక్కా, మా నాన్నకు షుగర్, ఇది పెట్టొచ్చా’ అనే కామెంట్లు మీరు చూసే ఉంటారు.

మెయిల్‌లో ఈ సంగతి రాసేముందు వాళ్ల ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. పదార్థాల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత వస్తుంది. అది నిబంధన. ‘మిల్లెట్ దోశ మిక్స్’ అని ముందువైపు పెద్దక్షరాలతో ఉండి, వెనక జాబితా ‘బియ్యం, మినప్పప్పు, రాగులు, కొర్రలు’ అని మొదలైతే, అది చిరుధాన్యాలు కలిపిన బియ్యం పిండి. శాతాలు కూడా ఉంటే చూడండి. చక్కెర గానీ మాల్టోడెక్స్‌ట్రిన్ గానీ జాబితాలో ఎక్కడైనా ఉందా చూడండి. అలాంటి ప్యాకెట్ చేతిలో పట్టుకుని షుగర్ మాట ఎత్తడం కన్నా అన్యాయం లేదు. దాని బదులు లేబుల్ మీద ఉన్నదే చెప్పొచ్చు: ఇందులో రాగులు ఇంత శాతం, వంద గ్రాములకు పీచు ఇన్ని గ్రాములు, పిండి కలిపాక ఇంతసేపటికి వేసుకోవచ్చు, రుచి ఇలా ఉంది. ఇంకేదైనా చెప్పించాలంటే దానికి ఆధారంగా ల్యాబ్ రిపోర్టు పంపమనండి. చెప్పే మాట నిజమో కాదో తగినంత పరిశీలించానని చూపించగలిగితే ప్రచారం చేసినవారిని జరిమానా నుంచి వినియోగదారుల చట్టమే మినహాయిస్తుంది. అందుకే ఆ రిపోర్టు, ప్యాకెట్ రెండువైపులా ఫొటోలు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

చెల్లింపులో ‘60 రోజులు’ కన్నా ‘క్యాంపెయిన్ ముగిశాక’ అన్నదే మోసపుచ్చే మాట. ఆ క్యాంపెయిన్‌లో మీతోపాటు ఇంకెంతమంది ఉన్నారో, చివరివాళ్ల వీడియో ఎప్పుడొస్తుందో మీకు తెలియదు. మీది జూన్‌లో వచ్చి, ఆఖరివాళ్లది ఆగస్టులో వస్తే, మీ 60 రోజులు ఆగస్టులో మొదలవుతాయి. గడువును మీ చేతిలో ఉన్న తేదీకి, అంటే వీడియో అప్‌లోడైన రోజుకు ముడిపెట్టండి. సగం ముందు, మిగతా సగం అప్‌లోడైన 15 రోజుల్లో అన్నది సబబైన కోరిక. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు చేసుకుంటే మీకో దన్ను ఉంటుంది: udyamregistration.gov.in లో ఆధార్, పాన్‌తో ఉచితంగా అయిపోతుంది, ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. నమోదైన సూక్ష్మ సంస్థకు కొనుగోలుదారు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటి బాకీ పెట్టకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం అంటుంది. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ. ఈ ఆర్థిక సంవత్సరంలో కట్టకుండా గడువు దాటించిన మొత్తాన్ని వాళ్లు పన్ను లెక్కల్లో కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి. అది వాళ్ల అకౌంట్స్ విభాగానికి బాగా తెలుసు. మొదటి మెయిల్‌లోనే చట్టం చదివి వినిపించకండి. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు వేస్తే వాళ్లే అర్థం చేసుకుంటారు.

పన్నుల గురించి రెండు మాటలు. మీ ఏడాది రాబడి 20 లక్షలు దాటనంత వరకు సేవలకు జీఎస్‌టీ నమోదు అక్కర్లేదు, కాబట్టి ఇన్‌వాయిస్‌లో జీఎస్‌టీ గీత వేయకండి. టీడీఎస్ కోస్తామంటే ఎంత శాతమో మెయిల్‌లోనే రాయించుకోండి, పాన్ ఇవ్వండి, తర్వాత ఆ మొత్తం మీ పాన్ కింద జమైందో లేదో పన్ను పోర్టల్‌లో చూసుకోండి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు.

ఇదిగో మెయిల్. అంకెలు మీకు తగ్గట్టు మార్చుకోండి, వాక్యాలను మాత్రం కలిపేయకండి.

నమస్కారమండీ,

మీ మిల్లెట్ దోశ మిక్స్ నా ఛానెల్‌కు సరిపోతుందనిపించింది, చేయడానికి సుముఖంగా ఉన్నాను. మీరు రాసిన విషయాల మీద నా వైపు నుంచి ఇవీ వివరాలు.

ఎనిమిది నిమిషాల వీడియోలో 60 సెకన్ల ప్రస్తావన, 45 సెకన్ల షార్ట్ ఒకటి: రూ. 15,000. ఇందులో షూటింగ్‌కు ముందు స్క్రిప్టు మీద ఒకసారి, ఎడిట్ అయ్యాక సమాచార దోషాల మీద ఒకసారి మీ సవరణలు చేర్చుకుంటాను. ఒప్పుకున్న స్క్రిప్టు ప్రకారం తీసినదాన్ని మళ్లీ తీయాల్సి వస్తే రూ. 5,000 అదనం. మూడు పని దినాల్లో మీ సవరణలు రాకపోతే ఆమోదించినట్టు భావిస్తాను.

వీడియో, షార్ట్‌ల కాపీరైట్ నాదే. మీ సోషల్ మీడియా పేజీల్లో నా ఛానెల్ పేరుతో, ప్రకటన అన్న లేబుల్ తీయకుండా 90 రోజులు ఉచితంగా పెట్టుకోవచ్చు. డబ్బు కట్టి ప్రకటనగా నడపాలంటే 30 రోజులకు రూ. 5,000. ఆ ఫైలును చెల్లింపు పూర్తిగా అందాక ఇస్తాను.

వీడియో వచ్చిన రోజు నుంచి 30 రోజులు రెడీమేడ్ దోశ, ఇడ్లీ మిక్స్ అమ్మే వేరే కంపెనీకి చేయను. 90 రోజులు కావాలంటే రూ. 6,000 అదనం.

నా ఛానెల్‌లో డబ్బు తీసుకుని చేసే ప్రతి వీడియోకూ యూట్యూబ్ పెయిడ్ ప్రమోషన్ గుర్తు పెడతాను. బ్రాండ్ భాగమంతా తెర మీద ‘ప్రకటన’ అని ఉంటుంది, ఆ భాగం మొదట్లో నోటితోనూ చెబుతాను. మీ ఉత్పత్తికీ, నా ఛానెల్‌కూ నిబంధనల పరంగా ఇది అవసరం.

జబ్బులకు సంబంధించిన మాటలు చెప్పలేను. ప్యాకెట్ మీద ఉన్న పదార్థాలు, పోషక వివరాలు, వాడే విధానం, నా అభిప్రాయం చెబుతాను. ప్యాకెట్ రెండువైపులా ఫొటోలు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, మీరు చెప్పించాలనుకునే అంశాలకు ఆధారాలు స్క్రిప్టుకు ముందే పంపగలరు.

చెల్లింపు: రూ. 7,500 పర్చేజ్ ఆర్డర్‌తో పాటు ముందుగా, మిగతా రూ. 7,500 వీడియో అప్‌లోడైన 15 రోజుల్లోపు. టీడీఎస్ ఉంటే శాతం తెలపండి. నేను జీఎస్‌టీ నమోదులో లేను.

ఇవి మీకు సమ్మతమైతే ఇదే మెయిల్‌కు జవాబుగా తెలపండి. అడ్వాన్సు అందిన పది రోజుల్లో స్క్రిప్టు పంపిస్తాను.

ఇది పంపాక జవాబు ఎటు నుంచైనా రావొచ్చు. ‘బడ్జెట్ అంతే, 15 వేలలోనే అన్నీ’ అంటే, ధర తగ్గించకుండా పని తగ్గించండి: ప్రకటనగా నడిపే హక్కు కావాలంటే షార్ట్ ఉండదు, షార్ట్ కావాలంటే ఆ హక్కు ఉండదు. ఏమీ తీసేయకుండా ధర తగ్గిస్తే, మొదట చెప్పిన ధర ఊరికే వేసిందని వాళ్లకు అర్థమైపోతుంది.

‘అడ్వాన్సులు మా పాలసీలో లేవు’ అనడం మామూలే, కొన్ని కంపెనీల్లో అది నిజం కూడా. అప్పుడు వీడియోని అన్‌లిస్టెడ్‌గా , అంటే లింకు ఉన్నవాళ్లకే కనబడేలా అప్‌లోడ్ చేసి ఆ లింకు పంపండి. వాళ్లు చూసి ఒప్పుకున్నాక సగం వేస్తే పబ్లిక్ చేస్తానని చెప్పండి. దీంట్లో మీ శ్రమ ముందే ఖర్చవుతుంది, కానీ డబ్బు రాకపోతే వీడియో మీ దగ్గరే ఉంటుంది, బ్రాండ్ నిమిషం కోసేసి వాడుకోవచ్చు. దీనికీ ఒప్పుకోకుండా మొత్తం తర్వాతే అంటే పర్చేజ్ ఆర్డర్ నంబరు, చెల్లింపు తేదీ లేకుండా కెమెరా తీయకండి.

‘అందరూ లేబుల్ లేకుండానే చేస్తున్నారు’ అన్న జవాబు వస్తే రెండు దారులున్నాయి. డబ్బు తీసుకోకుండా, ప్యాకెట్ కూడా మీరే కొనుక్కుని, మీకు నచ్చినట్టు రివ్యూ చేస్తానని చెప్పొచ్చు. అప్పుడు లేబుల్ అక్కర్లేదు, కానీ వాళ్లకు స్క్రిప్టు చూసే హక్కూ లేదు. నిజంగా మిక్స్ మీద నమ్మకమున్న కంపెనీ దీనికి ఒప్పుకోవచ్చు. లేదంటే వదిలేయండి. వదిలేస్తే మీకు పోయేది ఈసారి 15 వేలు. చేస్తే, ఆ మెయిల్‌లో ‘లేబుల్ పెట్టొద్దు’ అని రాసి ఉన్నా వీడియో మీ ఛానెల్‌లో, మీ పేరు మీదే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు ఒప్పేసుకోవడమన్న మీవారి దారిలో ఇదీ, ఆరు నెలల షరతూ, ఎప్పుడొస్తుందో తెలియని డబ్బూ మూడూ కలిసి వస్తాయి. ఆయనకు చూపించాల్సింది ఆ మూడింటినీ, వ్యూకి ఎన్ని పైసలన్నది కాదు.

జవాబే రాకపోతే అయిదు పని దినాలు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. ఆ తర్వాత ఊరుకోండి, మరో కంపెనీ వస్తే మీకు ఏ కట్టుబాటూ లేదు. ఒప్పందం పేరుతో పాస్‌వర్డ్ ఉన్న జిప్ ఫైలు గానీ, ఏదో ఇన్‌స్టాల్ చేసుకోమని లింకు గానీ వస్తే తెరవకండి, ఛానెళ్లు ఎత్తుకుపోయేవాళ్లు స్పాన్సర్ల వేషంలోనే వస్తారు. మామూలు పీడీఎఫ్ పంపమనండి.

వీడియో బయటికొచ్చిన రోజే లేబుల్ కనబడుతున్న తెరను, స్టూడియోలో టిక్ ఉన్న పేజీని తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోల్డర్‌లో వేయండి. ఉద్యమ్ నమోదు మాత్రం వాళ్ల జవాబు కోసం ఆగకుండా ఈ వారంలోనే చేసేయండి. ఆ తేదీ మీ ఒప్పందం కన్నా ముందే ఉండాలి.